శాఖలో నిల్, మొత్తంలో ముప్పై కోట్లు

2024-25 ఆర్థిక సంవత్సరంలో తెలంగాణ గ్రామీణ బ్యాంకుల పుస్తకాలను రెండు పెద్ద సంఘటనలు కుదిపేశాయి. 2024 జూలై 18 నుంచి రైతు రుణమాఫీ సొమ్ము విడతలవారీగా ఖాతాల్లో పడింది. ఆ లెక్కలు ఇంకా సర్దుకోకముందే, 2025 జనవరి 1న, హనుమకొండ ప్రధాన కార్యాలయంగా నడిచిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు తెలంగాణలో ఉన్న 493 శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి. ఖాతాదారుకు పాస్‌బుక్కు మీద పేరు మారింది, అంతే. ఆడిటర్‌కు మాత్రం అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. వందల శాఖల్లో వేర్వేరు మనుషులు చూసి సంతకం పెట్టిన అంకెలను ఒకచోట కలిపి, ఆ మొత్తం నిజంగానూ సక్రమంగానూ ఉందని ఒక్క నివేదిక చెప్పాలి. ఆ ఒక్క నివేదిక వెనక ఎంత పని ఉండాలన్నదే గ్రూప్ ఆడిట్ ప్రశ్న.

గ్రూప్ ఆడిట్ అంటే హోల్డింగ్ కంపెనీలు, విదేశీ అనుబంధ సంస్థలు మాత్రమే గుర్తొస్తాయి. కానీ విడివిడిగా లెక్కలు తయారై ఒకచోట కలిసే ప్రతి ముక్కా కాంపొనెంటే: అనుబంధ కంపెనీ కావచ్చు, ఉమ్మడి సంస్థ కావచ్చు, బ్యాంకు శాఖ కావచ్చు. మొత్తం మీద అభిప్రాయం చెప్పేవాడు గ్రూప్ ఆడిటర్, ముక్కను చూసేవాడు కాంపొనెంట్ ఆడిటర్. ఈ లెక్కన వరంగల్‌కు ఒక ప్రత్యేకత ఉంది. 2006లో కాకతీయ, మంజీర, నాగార్జున, సంగమేశ్వర, శ్రీ విశాఖ అనే అయిదు గ్రామీణ బ్యాంకులను కలిపి వికాస్ బ్యాంకును ఏర్పాటు చేసినప్పటి నుంచి అది ఒకేసారి రెండు పాత్రలు పోషించింది. పరకాల, నర్సంపేట, ములుగు శాఖల అంకెలు వచ్చి చేరే చోట అది గ్రూపు. స్పాన్సర్ బ్యాంకు అయిన భారతీయ స్టేట్ బ్యాంకు ముందు మాత్రం అది ఒక కాంపొనెంటు. గ్రామీణ బ్యాంకుల వాటాధనంలో కేంద్రానిది 50 శాతం, రాష్ట్రానిది 15 శాతం, స్పాన్సర్ బ్యాంకుది 35 శాతం. ఆ 35 శాతం లెక్కనే స్టేట్ బ్యాంకు తన ఏకీకృత ఖాతాల్లో గ్రామీణ బ్యాంకు లాభనష్టాల వాటాను చూపుకుంటుంది.

పై మెట్టు సంగతి తొందరగా తేల్చేయవచ్చు. స్టేట్ బ్యాంకు 2023-24లో ఒంటరిగానే 61,077 కోట్ల రూపాయల నికర లాభం చూపింది. ఒక గ్రామీణ బ్యాంకు 400 కోట్లు లాభం తెచ్చినా స్టేట్ బ్యాంకు వాటాకు వచ్చేది 140 కోట్లు, అంటే పావు శాతం లోపే. ముంబైలో కూర్చున్న గ్రూప్ ఆడిటర్‌కు వరంగల్ మీద ఎక్కువ సమయం ఖర్చు చేయడానికి కారణం కనిపించదు. అందులో తప్పూ లేదు. కాకపోతే వరంగల్ అంకెల్లో ఏదైనా పెద్ద లోపం ఉంటే పై మెట్టులో పట్టుబడుతుందని ఆశ పెట్టుకోకూడదు. అది పట్టుబడితే కింది మెట్టులోనే పట్టుబడాలి. అంటే గ్రామీణ బ్యాంకు కేంద్ర ఆడిటర్‌కూ శాఖల ఆడిటర్లకూ మధ్య జరిగే పనిలోనే. అక్కడికే వెళ్దాం.

ఎంత తప్పు పెద్ద తప్పు?

ఇక్కడ వాడే లెక్క ఊహాలెక్క. ఏ బ్యాంకు పుస్తకాల్లోదీ కాదు. పన్నుకు ముందు 400 కోట్ల లాభం వచ్చే ఒక గ్రామీణ బ్యాంకును తీసుకుందాం. లాభంలో 5 శాతం వరకు తేడా ఉన్నా లెక్కలు చదివేవారి నిర్ణయం మారదని కేంద్ర ఆడిటర్ భావించారనుకుందాం. అప్పుడు మెటీరియాలిటీ 20 కోట్లు. అయితే కంటికి కనిపించని తప్పులు కూడా ఉంటాయి కాబట్టి పని చేసేటప్పుడు ఆ గీతను ఇంకా కిందికి దించుకుంటారు. ముప్పాతిక వంతు అనుకుంటే 15 కోట్లు. దీన్నే పెర్ఫార్మెన్స్ మెటీరియాలిటీ అంటారు.

ఇప్పుడు వంద శాఖలను వంద మంది బయటి ఆడిటర్లకు అప్పగించారు. ఒక్కొక్కరికి ఎంత గీత గీసి ఇవ్వాలి?

అందరికీ 15 కోట్లే ఇస్తే ఆడిట్ చేసినట్టు కాదు. నలభై కోట్ల అప్పులున్న పల్లె శాఖలో మొండి బాకీలన్నీ తప్పుగా వర్గీకరించినా కేటాయింపుల్లో తేడా ఆ గీత దరిదాపులకు రాదు. ప్రతి శాఖా శుభ్రంగా కనిపిస్తుంది, వందా కలిపితే మాత్రం ఏమైనా కావచ్చు. ఈ ప్రమాదానికే అగ్రిగేషన్ రిస్క్ అని పేరు. అందుకే కాంపొనెంట్ మెటీరియాలిటీ గ్రూపు గీత కంటే తక్కువగా ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం పట్టుబడుతుంది. ఆ గీత గీయాల్సింది కూడా గ్రూప్ ఆడిటరే. శాఖ ఆడిటర్ తన శాఖ లాభాన్ని చూసుకుని సొంతంగా వేసుకున్న మెటీరియాలిటీ పై లెక్కకు పనికిరాదు.

సరే, ఎంత తక్కువ? ఇక్కడ రెండు కొసలున్నాయి. మొదటి కొస: 15 కోట్లను వందతో భాగించి శాఖకు 15 లక్షలు ఇవ్వడం. అన్ని శాఖల్లోనూ తప్పు ఒకే దిక్కుకు వాలుతుందనుకునేవాడి గీత ఇది. రెండో కొస: ఒక శాఖలో లాభం ఎక్కువ చూపితే ఇంకో శాఖలో తక్కువ చూపి ఉంటారు, ఒకదాని తప్పుకు ఇంకోదానితో సంబంధం లేదనుకోవడం. అప్పుడు తప్పులు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మొత్తం తేడా శాఖల సంఖ్యకు తగ్గట్టు కాక దాని వర్గమూలానికి తగ్గట్టు పెరుగుతుంది. వందకు వర్గమూలం పది. పదిహేను కోట్లను పదితో భాగిస్తే శాఖకు కోటిన్నర.

పదిహేను లక్షలకూ కోటిన్నరకూ మధ్య పది రెట్ల దూరం ఉంది. ప్రమాణాల్లో దీనికి సూత్రమేదీ ఇవ్వలేదు, ఆడిటర్ వివేచనకు వదిలేశారు. ఆడిట్ సంస్థల సొంత పద్ధతులు చాలావరకు రెండో కొస వైపు మొగ్గుతాయి. గీత ఎంత పైనుంటే నమూనాలు అంత తగ్గుతాయి, ఏప్రిల్‌లో పని అంత త్వరగా తెములుతుంది. కానీ ఆ సౌకర్యమంతా ఒకే ఒక్క ఊహ మీద నిలబడి ఉంది: శాఖల తప్పులకు ఒకదానితో ఒకటి పొత్తు లేదన్న ఊహ. తెలంగాణ గ్రామీణ శాఖల్లో 2024లో ఆ ఊహ నిలుస్తుందా?

మాఫీ ఖాతా లోపల

రెండు లక్షల రూపాయల రుణమాఫీ హామీ పుట్టింది వరంగల్‌లోనే, 2022 మే 6న కాంగ్రెస్ నిర్వహించిన రైతు సంఘర్షణ సభలో. అధికారంలోకి వచ్చాక ప్రభుత్వం 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 వరకు తీసుకున్న పంట రుణాలకు దాన్ని వర్తింపజేసింది. 2023 డిసెంబర్ 9 నాటికి ఉన్న అసలు, వడ్డీలను లెక్కలోకి తీసుకుంది. లక్ష లోపు వాళ్లకు జూలై 18న, లక్షన్నర లోపు వాళ్లకు జూలై 30న సొమ్ము విడుదలైంది. రెండు లక్షల లోపు వాళ్ల విడతను ఆగస్టు 15న ప్రకటించారు. హామీ వినిపించిన నాటి నుంచి సొమ్ము పడేదాకా రైతు ఏం చేస్తాడు? ఎదురుచూస్తాడు. మాఫీ అవుతుందని తెలిసిన బాకీని ముందే కట్టేంత అమాయకుడు కాదు. ఆ ఎదురుచూపు ఒక శాఖకో ఒక మండలానికో పరిమితమైంది కాదు.

ఒక ఖాతా తీసుకుందాం. రైతు వానాకాలం పంటకు తీసుకున్న అప్పు గడువు 2023 మార్చి 31న తీరింది. స్వల్పకాలిక పంటల అప్పు గడువు దాటి రెండు పంట కాలాలు గడిచినా కట్టకపోతే మొండి బాకీ. వానాకాలం పోయింది, యాసంగి పోయింది. 2024 వేసవి నాటికి ఖాతా మొండి బాకీల్లోకి చేరింది. 2023 డిసెంబర్ 9న అసలు, వడ్డీ కలిపి నిల్వ 1 లక్షా 35 వేలు. జూలై 30న ప్రభుత్వం ఆ 1 లక్షా 35 వేలూ జమ చేసింది. మధ్యలో గడిచిన 234 రోజులకు 7 శాతం లెక్కన వడ్డీ సుమారు 6 వేలు. అది ఎవరి నెత్తిన పడాలి?

దారులు మూడు. రైతు తన జేబులోంచి కడతాడు. అప్పుడు పేచీ లేదు. లేదా ఆ 6 వేలు బాకీగానే మిగిలిపోతుంది. లేదా అదే రోజు లక్షన్నర కొత్త పంట రుణం ఇచ్చి, అందులోంచి పాత 6 వేలు కోసుకుంటారు. పల్లె శాఖల్లో మూడో దారిలో ఉన్న సౌలభ్యం తెలియనిదేమీ కాదు. రైతుకూ అభ్యంతరం ఉండదు, మేనేజరుకూ మొండి బాకీ ఒకటి తగ్గుతుంది. కానీ మొండి బాకీని తిరిగి మంచి ఖాతాగా మార్చాలంటే పాత అసలు, వడ్డీ బకాయిలు పూర్తిగా వసూలు కావాలని రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో మరోసారి స్పష్టం చేసింది. బ్యాంకు ఇచ్చిన కొత్త అప్పుతోనే పాత బాకీ తీరితే అది వసూలు కాదు. పైగా వర్గీకరణ ఖాతాను బట్టి కాదు, మనిషిని బట్టి. ఒక ఖాతా మొండిదైతే ఆ మనిషి పేరున ఉన్న కొత్త అప్పు కూడా మొండిదే.

కాబట్టి తప్పు విలువ 6 వేలు కాదు. లక్షన్నర కొత్త అప్పు మీద కేటాయింపు చేయాలి. పది శాతం అనుకుంటే ఖాతాకు 15 వేలు. ఒక శాఖలో ఇలాంటివి 200 ఉన్నాయనుకోండి, 30 లక్షలు. శాఖ ఆడిటర్ చేతిలో ఉన్న గీత కోటిన్నర. ముప్పై లక్షలు దాని ముందు చిన్నది, ఒక్క ఖాతాగా చూస్తే ఇంకా చిన్నది. మార్పుల మెమో, బ్యాంకుల్లో అందరూ ఎంఓసీ అనేది, ‘నిల్’ అని వెళ్తుంది. వంద శాఖల నుంచీ ‘నిల్’ వస్తుంది. కానీ వంద శాఖల తప్పు కలిపితే 30 కోట్లు, బ్యాంకు మొత్తం మెటీరియాలిటీ 20 కోట్లు! ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ తమ గీత దాటలేదు. అయినా లాభం తప్పు.

మాఫీ, ప్రధాన కార్యాలయం సర్క్యులరు, కోర్ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన ఒక నియమం వంటి ఒకే మూలం నుంచి వచ్చే తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. అన్నీ ఒకే దిక్కుకు వాలతాయి. అలాంటి చోట వర్గమూలం లెక్క పనికిరాదు, పదిహేను లక్షల కొసకే రావాలి. శాఖంతటికీ ఒకే గీత ఉండాలన్న నియమం కూడా లేదు. శాఖ ఖర్చులకో ఫర్నిచర్‌కో కోటిన్నర ఉంచి, మాఫీతో ముడిపడిన ఖాతాలకు మాత్రం విడిగా చిన్న గీత ఇవ్వవచ్చు.

ఇంకో మెలిక ఉంది. లెక్కలోకి తీసుకోనక్కర్లేని చిల్లర తప్పులకు కూడా ఆడిటర్లు ఒక హద్దు పెట్టుకుంటారు. మెటీరియాలిటీలో 5 శాతం వేసుకుంటే ఇక్కడ అది కోటి రూపాయలు. ముప్పై లక్షలు ఆ హద్దు లోపలే ఉండిపోతుంది కాబట్టి శాఖ ఆడిటర్ దాన్ని పైకి చెప్పాల్సిన అవసరమే రాదు. అందువల్ల కేంద్ర ఆడిటర్ పంపే సూచనల్లో రూపాయల హద్దుతో పాటు ఇంకో వాక్యం ఉండాలి: ఒకే కారణంతో పదికి మించిన ఖాతాల్లో తప్పు కనబడితే, మొత్తం ఎంత చిన్నదైనా సరే, ఖాతాల సంఖ్యతో సహా తెలియజేయాలి. నా దృష్టిలో గ్రామీణ బ్యాంకు ఆడిట్ సూచనల్లో అతి విలువైన వాక్యం ఇదే. చాలా సూచనల్లో లేనిదీ ఇదే.

ఆ మాటకొస్తే, కారణం ఉమ్మడిదైనప్పుడు వెతుకులాట శాఖల్లోనే చేయాలని ఏముంది? డేటా అంతా ఒక్క సర్వర్‌లోనే ఉంది. 2024 జూలై, ఆగస్టుల్లో ప్రభుత్వ జమ పడిన ఖాతాలు, వాటిలో అంతకుముందు మొండివై ఆ తర్వాత మంచివిగా మారినవి, అదే వారంలో అదే మనిషికి కొత్త రుణం ఇచ్చినవి అని మూడు వడపోతలు పెడితే జాబితా ప్రధాన కార్యాలయంలోనే తయారవుతుంది. ఆ జాబితాను శాఖవారీగా విడగొట్టి శాఖ ఆడిటర్లకు పంపితే, వాళ్లు చేయాల్సింది వోచర్లు తీసి 6 వేలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడడమే. రైతు కౌంటర్లో కట్టిన నగదు రసీదు ఉందా, లేక కొత్త రుణ ఖాతా నుంచి జరిగిన బదిలీనా? ఇది దగ్గరుండి కాగితం తిప్పితేనే తేలేది. గ్రూప్ ఆడిటర్ కేంద్రంలో చేయగలిగింది అక్కడ చేసి, కాంపొనెంట్ ఆడిటర్‌కు అతడు మాత్రమే చేయగలిగింది అప్పగించాలి. 2023 డిసెంబర్ 15న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే కాలాలకు అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఏ 600 సవరించిన రూపం చెప్పే సారమూ ఇదే. కాంపొనెంటు పెద్దదా చిన్నదా అని సైజు చూసి పని పంచడం మాని, రిస్కు ఎక్కడుందో పైనుంచి చూసి పంచమంటోంది.

ఫైలు తెరవాల్సింది ఎందుకు

ఇక సమీక్ష. శాఖ నుంచి నివేదిక, లాంగ్ ఫామ్ రిపోర్టు, మెమో వస్తాయి. ఈ మూడింటినీ చదివి వరస నంబర్లు వేసుకోవడం సమీక్ష అనిపించుకోదు. అవి ముగింపులు. ఆ ముగింపులకు ఎలా చేరారన్నది వర్కింగ్ పేపర్లలో ఉంటుంది. వంద ఫైళ్లూ తెరవడం ఎవరివల్లా కాదు, అక్కర్లేదు కూడా. ఏవి తెరవాలో చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి. పక్క శాఖల్లో పదుల కొద్దీ ఖాతాలు దొరికినచోట ‘నిల్’ పంపిన శాఖ మొదటిది. ఒకే సంస్థ చూసిన మూడు నాలుగు శాఖల నివేదికల్లో పేరాలు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే అది రెండోది. మొండి బాకీల జాబితాను కంప్యూటర్ నుంచి తీసిన తేదీ కంటే ఆడిటర్ సంతకం తేదీ ముందుంటే ఇక ఆలోచించాల్సిన పనే లేదు. ‘పరిశీలించాం, సరిగా ఉంది’ అన్న మాట పక్కన ఒక్క ఖాతా నంబరూ లేకపోవడం అన్నిటికంటే మామూలు రోగం.

అప్పుడు ఫోను తీయాలి. ఆ సంభాషణ ఇలా సాగుతుంది.

“మీ శాఖలో మాఫీ ఖాతాలు ఎన్ని చూశారండీ?”

“ఇరవై దాకా చూశాం సార్. అన్నీ కరెక్టుగానే ఉన్నాయి.”

“ఆ ఇరవై ఎలా ఎంచారు?”

“మేనేజర్ గారు ప్రింటు తీసి ఇచ్చారు సార్, అందులోంచి.”

“మరి ఆ ప్రింటులో మాఫీ పడ్డ రోజే కొత్త లోను ఇచ్చినవి ఉన్నాయా?”

“అవి విడిగా అడగలేదు సార్.”

ఈ జవాబులో మోసమేమీ లేదు. కుర్ర ఆడిటర్‌కు ఏం వెతకాలో ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్ మొదటివారాల్లో రెండు మూడు రోజుల్లో శాఖ ముగించి ఇంకో ఊరికి బస్సు ఎక్కాలి. తప్పు సగం కేంద్ర ఆడిటర్ పంపిన సూచనలదే. అయినా పని అలాగే వదిలేయడానికి లేదు. కొత్త నమూనా తీయమనాలి, లేదా తానే ఆ శాఖకు మనిషిని పంపాలి, లేదా కేంద్రంలోని డేటాతో ఆ ఖాళీ పూడ్చుకోవాలి. ఏది చేసినా, ఎందుకు చేశామో, ఏం తేలిందో తన ఫైలులో రాసుకోవాలి. సమీక్ష జరిగిందనడానికి సాక్ష్యం టిక్కు మార్కు కాదు. ప్రశ్న, దానికి వచ్చిన జవాబు, ఆ జవాబుతో మారిన పని.

కాంపొనెంట్ ఆడిటర్ సంతకాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో ప్రపంచానికి గట్టిగా చూపింది ఇటలీ పాల కంపెనీ పార్మలాట్. అక్కడ ఆడిటర్లను మార్చాలన్న చట్టం వల్ల 1999లో గ్రూప్ ఆడిట్ గ్రాంట్ థార్న్‌టన్ ఇటలీ సంస్థ నుంచి డెలాయిట్‌కు వెళ్లింది. పాత సంస్థ మాత్రం కొన్ని అనుబంధ కంపెనీల ఆడిటర్‌గా మిగిలింది. వాటిలో కేమన్ దీవుల్లోని బోన్లాట్ ఒకటి. గ్రూపులోని అనుమానాస్పద ఆస్తులు అక్కడికే చేరాయి. బ్యాంక్ ఆఫ్ అమెరికాలో బోన్లాట్‌కు 395 కోట్ల యూరోలు ఉన్నాయని చెప్పిన లేఖ నకిలీదని 2003 డిసెంబరులో ఆ బ్యాంకే బయటపెట్టింది. ఒక్క కాంపొనెంటులో ఒక్క నిల్వ అంత పెద్దది ఉన్నప్పుడు, గ్రూప్ ఆడిటర్ తానే ఆ బ్యాంకుకు రాసి నేరుగా జవాబు తెప్పించుకుంటే సరిపోయేది. మన సత్యం విషయంలో గ్రూపు, కాంపొనెంటు తేడా లేదు గానీ రోగం అదే. బ్యాంకు నిల్వల నిర్ధారణ లేఖల వ్యవహారాన్ని ఆడిటర్లు కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా నియంత్రణ సంస్థలు 2011లో తేల్చాయి.

మన ప్రమాణం ఎక్కడుంది

మన దేశంలో గ్రూప్ ఆడిట్‌ను నడిపిస్తూ వచ్చిన ఎస్ఏ 600 ప్రమాణం 2002 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. దాని దృష్టిలో ఇంకో ఆడిటర్ పనిమీద ప్రధాన ఆడిటర్ మామూలుగా ఆధారపడవచ్చు. అనుమానించడానికి ప్రత్యేక కారణం లేకపోతే చాలు. నివేదికలో బాధ్యత పంచుకోవచ్చు కూడా: ఈ శాఖలను మేం చూడలేదు, వేరేవాళ్లు చూశారు, వాళ్ల నివేదికల మీద ఆధారపడ్డాం అని ఒక పేరా రాస్తారు. ఏకీకృత ఖాతాల నివేదికలు చదివేవారికి ఆ పేరా బాగా పరిచయం. అంతర్జాతీయ ప్రమాణంలో ఈ వెసులుబాటు లేదు. బాధ్యతంతా గ్రూప్ ఆడిటర్‌దే.

జాతీయ ఆర్థిక నివేదికల ప్రాధికార సంస్థ, ఎన్ఎఫ్ఆర్ఏ, 2024లో ఈ తేడాను చెరిపేయాలని పూనుకుంది. ఆ ఏడాది నవంబరులో సవరించిన ప్రమాణాన్ని ఆమోదించి, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు చేయాలని కేంద్రానికి సిఫారసు చేసింది. దానికి ముందే డీహెచ్ఎఫ్ఎల్ శాఖల ఆడిట్ విషయంలో 2023లో పలువురు శాఖ ఆడిటర్లపై చర్యలు తీసుకుంది. శాఖ చిన్నదన్నంత మాత్రాన ఆడిట్ ప్రమాణాలు చిన్నవి కావని అప్పుడే సంకేతం వెళ్లింది. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ మాత్రం సవరణను గట్టిగా వ్యతిరేకించింది. గ్రూప్ ఆడిటర్‌కు పూర్తి బాధ్యత ఇస్తే, తెలియని వాళ్ల ఫైళ్లు తిరగేసే బదులు కాంపొనెంట్లన్నీ తన నెట్‌వర్కుకే తెచ్చుకుంటాడని, చిన్న ఊళ్ల సంస్థలకు పని పోతుందని వాదన.

ఈ భయం ఉత్తిది కాదు. హనుమకొండలో ముగ్గురు నలుగురు భాగస్వాములతో నడిచే ఆఫీసులకు శాఖల ఆడిట్ ఒక ముఖ్యమైన ఆదాయం. కానీ వాళ్ల పని లాక్కునేది సమీక్ష కాదు, సమీక్షకు ఫీజు లేకపోవడం. ఫైలు అడిగితే పంపడానికి, ప్రశ్నలకు జవాబు రాయడానికి పట్టే రోజులు ఇప్పటి ఫీజుల్లో లేవు. వాటిని కలిపితే, రెండు పంట కాలాల లెక్క, యాసంగి ఎప్పుడు ముగుస్తుందన్నది బాగా తెలిసిన స్థానిక ఆడిటర్‌ను వదిలి హైదరాబాద్ నుంచి మనిషిని దింపడం ఎవరికీ గిట్టుబాటు కాదు.

విచిత్రం ఏమిటంటే, సవరించిన ప్రమాణం ప్రతిపాదనలోనే ప్రభుత్వ రంగ బ్యాంకులకు, వాటి శాఖలకు మినహాయింపు ఇచ్చారు. దేశంలో శాఖల ఆడిట్ అత్యధికంగా జరిగేది అక్కడే. వాటికి తమదైన పాత ఏర్పాటు ఉందని, దాన్ని కదిలించనక్కర్లేదని సమర్థన. శాఖలో నిల్, మొత్తంలో ముప్పై కోట్లు అనే పరిస్థితి పుట్టేది సరిగ్గా ఆ పాత ఏర్పాటులోనే కాబట్టి ఈ సమర్థన నాకు మింగుడుపడదు. అయితే మినహాయింపు ఉన్నంత మాత్రాన చేతులు కట్టేసినట్టు కాదు. శాఖల గీత గీసేది, సూచనలు రాసేది, ఏ ఫైలు తెరవాలో ఎంచుకునేది నేటికీ కేంద్ర ఆడిటరే. ఇప్పుడున్న ప్రమాణం కనీసం ఇంత చేయమంటుంది గానీ, ఇంతకు మించి చేయవద్దని ఎక్కడా చెప్పదు.

విలీనంతో ఈ పనికి ఇంకో పొర పెరిగింది. 2024 డిసెంబర్ 31 వరకు ఒక బ్యాంకు పేరున, ఆ మర్నాటి నుంచి ఇంకో బ్యాంకు పేరున నడిచిన 493 శాఖలు 2025 మార్చి 31 ఖాతాల్లో ఒక్కటిగా కనిపించాలి. జూలైలో మాఫీ పడినప్పుడు ఖాతా పాత బ్యాంకుది, సంవత్సరాంతంలో వర్గీకరణ ప్రశ్న వచ్చేసరికి కొత్త బ్యాంకుది. ఖాతా మొదట మొండి బాకీగా మారిన తేదీ కొత్త పుస్తకాల్లోకి మారకుండా వచ్చిందా, లేక బదిలీ తేదీయే మొదటి తేదీ అయికూర్చుందా అన్నది పాత బ్యాంకు డిసెంబర్ 31 జాబితాను, కొత్త బ్యాంకు జనవరి 1 జాబితాను పక్కపక్కన పెడితే తప్ప తెలియదు. ఆ తేదీ ముందుకు జరిగితే బాకీ వయసు తగ్గుతుంది, దాంతో కేటాయింపూ తగ్గుతుంది. ఈ రెండు జాబితాలూ శాఖలో దొరకవు. నర్సంపేటలో కూర్చున్న శాఖ ఆడిటర్‌ను ఆ తేడా పట్టుకోలేదని తప్పుపట్టే ముందు, ఆ జాబితాలు రెండూ అతడికి పంపారా లేదా అని ప్రధాన కార్యాలయంలో అడగాలి.